డై వేసిన రెండో రోజు వాపు, నగ ఆనిన చోట దురద: తరచుగా అడిగే ప్రశ్నలు

బెంగళూరులో చర్మ వైద్యం చేస్తున్నాను. చర్మానికి తగిలిన వస్తువు పడక వచ్చే అలర్జీ గురించి మన తెలుగువాళ్లు క్లినిక్‌లోనూ ఫోన్లోనూ మళ్లీ మళ్లీ అడిగే సందేహాలు ఇవే, అందుకే ఒకచోట రాసి పెట్టాను. ఎక్కణ్నుంచి చదివినా ఫర్వాలేదు, ఏ జవాబుకి ఆ జవాబు విడిగా అర్థమవుతుంది. మీ చర్మాన్ని చూడకుండా మందు చెప్పలేను కాబట్టి ఆ పని మాత్రం మీ డాక్టరుదే.

## మొదటి అనుమానం

గురువారం డై వేసుకున్నాను, శనివారం దురద మొదలైంది. రెండు రోజుల తర్వాత వచ్చింది కదా, డై వల్ల అయి ఉండదు కదా?

రెండు రోజుల తర్వాత వచ్చింది కాబట్టే డై మీద అనుమానం ఎక్కువ. మనకి అలర్జీ అంటే రొయ్యలు తిన్న అరగంటకి ఒళ్లంతా దద్దుర్లు లేచే రకమే తెలుసు. ఇది ఆ జాతి కాదు. చర్మంలోకి దిగిన రసాయనాన్ని పాత శత్రువుగా గుర్తుపట్టి, టీ కణాలు అనే రక్షక కణాలు అక్కడికి చేరి వాపు పుట్టించాలి, దానికి మామూలుగా ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది. అందుకే దురద మొదలైన రోజున ఏం వాడారని కాకుండా, దానికి ముందు మూడు రోజుల్లో ఏం వాడారని గుర్తు చేసుకోండి. రాసిన ఐదు నిమిషాలకే భగ్గున మండితే అది చాలాసార్లు అలర్జీ కాదు, ఆ వస్తువు ఘాటుకి చర్మం ఒరుసుకుపోవడం.

పదేళ్లుగా అదే కంపెనీ డై వాడుతున్నాను. ఇన్నాళ్లూ పడింది ఇప్పుడెందుకు పడట్లేదు?

ఈ అలర్జీ పుట్టుకతో రాదు, వాడగా వాడగా వస్తుంది. శరీరం ఒక రసాయనాన్ని గుర్తుపెట్టుకోవడానికి కొందరికి రెండు వారాలు చాలు, కొందరికి ఇరవై ఏళ్లు పడుతుంది, కొందరికి జీవితాంతం ఏమీ కాదు. గుర్తుపెట్టుకునే దశలో బయటికి ఏమీ కనిపించదు. ఒకసారి గుర్తుపడితే మాత్రం ఇక మర్చిపోదు. "కొత్తగా ఏమీ వాడలేదండీ" అని చాలామంది ఖాయంగా చెబుతారు, అది నిజమే అయి ఉంటుంది కూడా. దోషి చాలావరకు ఇంట్లో ఉన్న పాత వస్తువే.

డై వేసింది తలకి, వాచింది కనురెప్పలు. తలలో ఒక్క పొక్కు కూడా లేదు. ఎలా కుదురుతుంది?

తల చర్మం మందం, కనురెప్ప చర్మం ఒంట్లోకెల్లా పల్చన. డై వేసేటప్పుడు, కడిగేటప్పుడు నురగ నుదుటి మీదుగా, చెవుల మీదుగా, మెడ వెనక్కి జారుతుంది. అందుకే జుట్టు మొదలయ్యే గీత వెంట, చెవి పై అంచున, చెవి వెనక మడతలో, మెడ వెనక ముందుగా దురద, ఎర్రదనం వస్తాయి. ఆ తర్వాత కళ్లు వాస్తాయి, ఒక్కోసారి పొద్దున లేచేసరికి తెరవలేనంతగా. తల మీద కొంచెం పొట్టు, దురద ఉంటే ఉంటాయి, లేకపోతే లేదు. మగవాళ్లు మీసానికో గడ్డానికో వేసుకుంటే అదే ఆకారంలో పై పెదవి మీద, దవడ మీద రసి కారుతుంది, దాన్ని చూస్తే అసలు ప్రశ్న అడగక్కర్లేదు.

ఇందులో అసలు దోషి పారాఫినైలిన్‌డయమైన్, పొట్టిగా పీపీడీ. నల్లరంగు నిలవడానికి వేసే రసాయనం ఇది. డబ్బా మీద "అమోనియా లేదు" అని పెద్ద అక్షరాల్లో ఉంటే చాలామంది నిశ్చింతగా కొనేస్తారు. అమోనియాకీ పీపీడీకీ సంబంధం లేదు, అమోనియా లేని డైలో కూడా పీపీడీ ఉండొచ్చు.

మెడ చుట్టూ గొలుసు ఆకారంలోనే గీత పడింది. నాకు బంగారం పడదా?

బంగారం పడనివాళ్లు ఉన్నారు, కానీ తక్కువ. మన 916 బంగారంలో వందకి 91.6 పాళ్లు బంగారమే, మిగతాది ఎక్కువగా వెండి, రాగి. సాధారణంగా గొడవ పెట్టేది నికెల్ అనే లోహం. వన్ గ్రామ్ గోల్డ్ అని మనం కొనే హారాల్లో పైన పల్చటి బంగారు పూత, కింద ఇత్తడో రాగో, చాలావాటిలో ఆ రెండింటి మధ్య నికెల్ పూత ఉంటుంది. పై పూత అరిగిన కొద్దీ చెమటకి నికెల్ కరిగి చర్మంలోకి దిగుతుంది. తెల్లబంగారంలో కూడా కొన్ని రకాల్లో నికెల్ కలుపుతారు.

ఇక్కడ చెమట సంగతి ఒకటి చెప్పాలి. బెంగళూరులో ఏడాది పొడుగునా వేసుకున్న గొలుసు, మే నెలలో చెన్నైలో అత్తగారింటికి వెళ్లేసరికి రెండు రోజుల్లో దురద పెడుతుంది. నీళ్లు పడలేదు, గాలి పడలేదు అంటారు. చెమటలోని ఉప్పు నికెల్‌ని బయటికి లాగుతుంది, అంతే.

ఇంకో చిన్న గుర్తు. చెవి ముందు భాగం శుభ్రంగా ఉండి వెనక మాత్రమే రసి కారుతుంటే కమ్మని కాదు, శీలని చూడండి. అసలు శీల పోయి ఎప్పుడో ఫ్యాన్సీ షాపులో కొన్నది తగిలించి ఉంటారు. బొడ్డు కింద రూపాయి బిళ్లంత మచ్చ ఉంటే జీన్స్ గుండీ, మణికట్టు మీద చతురస్రంగా ఉంటే వాచీ బకిల్.

ఉంగరం కింద మాత్రమే దురద. అది కూడా నికెలేనా?

కావచ్చు, కాకపోవచ్చు. గిన్నెలు తోమేటప్పుడు సబ్బునీళ్లు ఉంగరం కింద చిక్కుకుని ఆరకుండా ఉండిపోతే అలర్జీ లేకపోయినా చర్మం పాడవుతుంది. ఉంగరాన్ని ఇంకో చేతికి మార్చి చూడండి. అక్కడా కొన్ని రోజుల్లో వస్తే లోహం మీద అనుమానం, రాకపోతే సబ్బు మీద.

బొట్టు పెట్టుకునే చోట నల్లబడింది, మా వదినకి తెల్లబడింది. రెండూ ఒకటేనా?

ఒకటి కాదు, తెల్లబడటాన్ని ఎక్కువ పట్టించుకోవాలి. స్టిక్కర్ బొట్టు జిగురులో ఉండే కొన్ని రెసిన్లు, ముఖ్యంగా పారా టెర్షియరీ బ్యూటైల్ ఫినాల్ జాతివి, కొందరికి దురద పుట్టిస్తాయి, ఇంకొందరికి రంగునిచ్చే కణాలనే చంపేస్తాయి. దురద తగ్గాక మిగిలే నలుపు నెలల్లో మెల్లగా తగ్గుతుంది. తెలుపు మాత్రం స్టిక్కర్ మానేసినా తిరిగి రంగు వస్తుందన్న గ్యారంటీ లేదు, కొన్నిసార్లు పాకుతుంది కూడా. బొట్టు కింద గింజంత తెలుపు కనిపించిన రోజే స్టిక్కర్ ఆపేసి డాక్టర్ని చూడండి. కుంకుమకి మారితే చాలదా అంటారు, కానీ బజారు కుంకుమలో కలిపే రంగులకీ అలర్జీ వస్తుంది.

మొహానికి కొత్తగా ఏమీ రాయలేదు, కానీ రెప్పలు, మెడ పక్కలు మాత్రమే దురద. ఏది వెతకాలి?

వేళ్లని చూడండి. నెయిల్ పాలిష్‌లోని రెసిన్‌కి అలర్జీ ఉన్నప్పుడు గోళ్ల చుట్టూ ఏమీ కాకపోవచ్చు, చేయి తరచుగా తగిలే రెప్పల మీద, గడ్డం కింద, మెడ పక్కల వస్తుంది. జెల్ పాలిష్ అయితే వేళ్ల కొసలు కూడా పగలొచ్చు.

ఇది తామర కాదని ఎలా చెప్పగలం?

తామర గుండ్రంగా అంచు లేచి, మధ్యలో మానుతూ, రోజురోజుకీ పెద్దదవుతుంది, వస్తువుతో పని లేకుండా గజ్జల్లోకీ నడుముకీ పాకుతుంది. అలర్జీ దద్దు వస్తువు ఆకారాన్ని, అది తగిలిన హద్దుని పట్టుకుని ఉంటుంది, వస్తువు తీసేస్తే రెండు మూడు వారాల్లో తగ్గుతుంది. ఏదీ తేలకపోతే డాక్టరు కొంచెం పొట్టు గీరి మైక్రోస్కోప్ కింద చూస్తారు, పది నిమిషాల పని.

మా నాన్నగారు డై వేయరు, నగలు లేవు, క్రీములు లేవు. మొహం, మెడ నల్లగా మందంగా అయి దురద. ఎండ పడట్లేదంటున్నారు.

బెంగళూరు శివార్లలో ఖాళీ సైట్ల పక్కన వాకింగ్ చేస్తారేమో అడగండి. వయ్యారిభామ, ఇక్కడివాళ్లు కాంగ్రెస్ గడ్డి అంటారు, దాని ఎండిన పొడి గాల్లో ఎగిరి చర్మం మీద పడి అలర్జీ తెస్తుంది. ఎండ వల్ల అయితే పై రెప్పలు, గడ్డం కింద, చెవి వెనక లాంటి నీడ పడే చోట్లు బాగుంటాయి. గాల్లో వచ్చే పొడి ఆ మడతల్లోకే చేరి కూర్చుంటుంది, మోచేతి మడతల్లో కూడా. ఏళ్లు గడిచేకొద్దీ ఎండ కూడా పడకుండా పోయే మనుషులున్నారు, కాబట్టి తొందరగా తేల్చుకోవాలి.

## అన్నీ కలిసిపోయినప్పుడు

పెళ్లికి డై వేశాను, మేకప్ వేయించుకున్నాను, వన్ గ్రామ్ సెట్ పెట్టుకున్నాను. ఏది పడలేదో ఎలా తెలుస్తుంది?

ఒకావిడ కథ చెబుతాను, ఆవిడెవరో తెలియకుండా వివరాలు కొంచెం మార్చి. అనంతపురం వైపు మనిషి, మారతహళ్లిలో కాపురం. మేలో చెన్నైలో ఆడపడుచు కూతురి పెళ్లి. గురువారం సాయంత్రం ఇంట్లో డై వేసుకుని శుక్రవారం రైలెక్కారు. శనివారం రాత్రి రిసెప్షన్‌కి బ్యూటీషియన్ మేకప్, వన్ గ్రామ్ హారం, బుట్టలు. ఆదివారం ముహూర్తానికి లేచేసరికి రెండు కళ్లూ మూసుకుపోయాయి. ఇంటిల్లిపాదీ మేకప్ మీద పడ్డారు, ఆ బ్యూటీషియన్ని ఫోన్లో తిట్టారు కూడా.

నా దగ్గరికి బుధవారం వచ్చారు. బుగ్గలు శుభ్రంగా ఉన్నాయి. ఫౌండేషన్ మొహమంతా రాస్తారు కదా, అదే దోషి అయితే బుగ్గల్ని వదిలి నుదుటి అంచుని, చెవి పైభాగాన్ని, మెడ వెనకని పట్టుకోదు. అడగ్గా అడగ్గా శనివారం పొద్దునే, అంటే మేకప్‌కి ముందే, చెవుల వెనక దురద మొదలైందని గుర్తొచ్చింది. కిందటి నెల డై వేసినప్పుడు కూడా అక్కడ కొంచెం దురద వస్తే చుండ్రు అనుకున్నారట. ఇంకా వెనక్కి వెళితే, కొన్నేళ్ల కిందట ఎగ్జిబిషన్‌లో చేతికి వేయించుకున్న నల్ల మెహందీ పొక్కి, డిజైన్ ఆకారంలోనే మచ్చ పడింది. మామూలు గోరింటాకు గంటలో నల్లబడదు, ఆరెంజ్ రంగుతో మొదలై గోధుమ రంగుకి వస్తుంది. గంటలో నల్లబడే దానిలో చాలాసార్లు పీపీడీ కలిపి ఉంటుంది, అదీ డైలో కంటే ఎక్కువ మోతాదులో ఉండే అవకాశం ఉంది. ఆవిడ అలర్జీకి పునాది అక్కడే పడి ఉంటుందని నా అంచనా.

మరి మెడ? మెడ మీద గీత సోమవారం రాత్రి మొదలైంది, అంటే హారం పెట్టిన రెండు రోజులకి. హారం జాకెట్టు మీద వేలాడిన మేర ఏమీ లేదు, మెడ వెనకా పక్కలా చర్మానికి ఆనిన చోటే గొలుసు కొలతతో గీత. చెవి తమ్మెలు రెండూ రసి కారుతున్నాయి. కాబట్టి దోషులు ఇద్దరు, డై ఒకటి, నగ ఒకటి, ఇద్దరూ ఒకే వారంలో దొరికారు. కొన్ని వారాల తర్వాత, వీపు మీద ఒక్కో పదార్థం అంటించి చూసే ప్యాచ్ టెస్ట్‌లో పీపీడీకీ నికెల్‌కీ రెండేసి ప్లస్‌లు, అంటే గట్టి పాజిటివ్, వచ్చాయి. బ్యూటీషియన్ వాడిన ఫౌండేషన్ తెప్పించి వీపు మీద పెడితే ఏమీ రాలేదు.

మీరూ ఇలాగే ఒక కాగితం మీద రోజు, గంట, ఏం వాడారు, ముందు ఎక్కడ దురద వచ్చింది రాయండి. వాపు మొదటి రోజున ఫోటో తీయండి. డాక్టరు దగ్గరికి వెళ్లేసరికి అన్నీ కలిసి ఒకటే ఎరుపుగా మారుతుంది, హద్దులు పోతాయి.

## ఇప్పుడు మండుతోంది

ఇవాళ్టికి ఇంట్లో ఏం చేయాలి?

వస్తువు తీసేయండి. డై అయితే గోరువెచ్చటి నీళ్లతో, సున్నితమైన షాంపూతో రెండు మూడుసార్లు బాగా కడగండి. రంగు పూర్తిగా పట్టి కడిగేసిన జుట్టు మళ్లీ అలర్జీ తేవడం అరుదు, కాబట్టి గుండు కొట్టించుకోవాల్సిన పని లేదు. రసి కారుతుంటే శుభ్రమైన పల్చటి గుడ్డని చల్లటి నీళ్లలో ముంచి పది, పదిహేను నిమిషాలు రోజుకి రెండు మూడుసార్లు వేయండి. ఆ నాలుగు రోజులూ పసుపు, వేపాకు ముద్ద, నిమ్మరసం, కొత్త సబ్బు ఏవీ వద్దు. పసుపుకి కూడా అలర్జీ వచ్చేవాళ్లున్నారు, తెగిన చర్మం మీద ఏది పెట్టినా మండుతుంది.

మెడికల్ షాపులో ట్యూబ్ ఇచ్చాడు, రెండు రోజుల్లో తగ్గింది. ఇంక అదే వాడొచ్చా?

వద్దు. మనకి కౌంటర్ మీద ఇచ్చే చాలా ట్యూబుల్లో బలమైన స్టెరాయిడ్, దాంతో పాటు ఫంగస్ మందు, యాంటీబయాటిక్ మూడూ కలిపి ఉంటాయి. దురద తగ్గుతుంది కాబట్టి మంచిదనిపిస్తుంది. తామర మీద రాస్తే అది అణిగినట్టు నటించి లోపల పాకుతుంది. మొహం మీద నెలలు రాస్తే చర్మం పల్చబడి, ఎర్రటి నరాలు తేలి, ఆపగానే భగ్గుమంటుంది. కలిపిన యాంటీబయాటిక్ నియోమైసిన్ అయితే దానికే అలర్జీ రావచ్చు. స్టెరాయిడ్ చెడ్డ మందు కాదు, ఈ జబ్బుకి అసలు మందు అదే, కానీ రెప్పలకి తక్కువ బలంది కొద్ది రోజులు, మెడకి కొంచెం బలంది, ఇలా చోటుని బట్టి డాక్టరు ఇవ్వాలి. సెట్రిజిన్ లాంటి మాత్రలు నిద్రకి సాయపడితే పడతాయి, వాపుని తగ్గించవు.

ఎప్పుడు వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి?

డై వేసిన నిమిషాల్లో, గంటలో ఒళ్లంతా దద్దుర్లు, పెదవులు నాలుక వాపు, ఊపిరాడకపోవడం, కళ్లు తిరగడం వస్తే క్షణం ఆగకండి, అది అరుదైనదైనా ప్రాణం మీదికొచ్చే రకం. రెండు కళ్లూ మూసుకుపోయినా, జ్వరం, చీము, నొప్పి ఉన్నా, దద్దు ఒంట్లో చాలా భాగానికి పాకినా అదే రోజు చూపించుకోండి. ఇలాంటప్పుడు కొన్నిసార్లు నోటి స్టెరాయిడ్ మాత్రలు రెండు మూడు వారాల పాటు తగ్గించుకుంటూ ఇస్తారు. మూడు రోజులకే బాగుంది కదా అని ఆపేస్తే వాపు తిరగబెడుతుంది.

## పరీక్ష

అలర్జీ ప్యానెల్ రక్తపరీక్ష చేయించాను, అన్నీ నార్మల్. అంటే అలర్జీ లేనట్టేనా?

ఆ పరీక్ష చూసేది ఐజీఈ అనే యాంటీబాడీని, రొయ్యలు, దుమ్ము, పుప్పొడి లాంటి తక్షణ అలర్జీలకి అది పనికొస్తుంది. డై, నికెల్ అలర్జీ ఐజీఈది కాదు, కాబట్టి అందులో దొరకదు. దీనికి ప్యాచ్ టెస్ట్ ఒక్కటే దారి.

ప్యాచ్ టెస్ట్ అంటే ఏం చేస్తారు? సూదులు ఉంటాయా?

సూదులు లేవు. చిన్న చిన్న గిన్నెల్లాంటి బిళ్లల్లో ఒక్కో పదార్థం కొద్దిగా పెట్టి, టేప్‌తో వీపు మీద అంటిస్తారు. నికెల్ సల్ఫేట్ 5 శాతం, పీపీడీ 1 శాతం వాజలైన్‌లో కలిపి పెట్టడం మామూలు. సోమవారం అంటిస్తే బుధవారం తీసి ఒకసారి, శుక్రవారం ఇంకోసారి చూస్తారు, కొన్నిటికి వారం తర్వాత కూడా. ఆ రెండో చూపుకి వెళ్లకపోతే పరీక్ష సగమే అయినట్టు, ఎందుకంటే కొన్ని బుధవారం ఖాళీగా ఉండి శుక్రవారం లేస్తాయి, ఒత్తిడికి ఎర్రబడ్డ ఉత్తుత్తివి అప్పటికి వెలిసిపోతాయి.

అన్నాళ్లూ వీపు తడపకూడదు, చెమట పట్టే పని చేయకూడదు. చెన్నైలో ఎండాకాలం టేపులు ఊడిపోతాయి, వీలైతే డిసెంబర్, జనవరి చూసుకోండి. వీపు మీద దద్దు ఉన్నప్పుడు, నోటి స్టెరాయిడ్ మాత్రలు మింగుతున్నప్పుడు చేస్తే తప్పుడు ఫలితం వస్తుంది. మీరు వాడే క్రీములు, లేబుల్‌తో సహా, అరిగిన నగ కూడా తీసుకెళ్లండి. డై సీసాని మాత్రం మీరే ఇంట్లో వీపుకి అంటించుకోవద్దు, కాలి మచ్చ పడుతుంది.

పాజిటివ్ వచ్చింది, కానీ ఆ వస్తువు నేనసలు వాడను. ఎందుకలా?

పాజిటివ్ అంటే మీ ఒంటికి ఆ రసాయనం గుర్తుందని అర్థం, ఇప్పటి దద్దుకి అదే కారణమని కాదు. చిన్నప్పుడు చవక కమ్మలకి వచ్చిన నికెల్ అలర్జీ ఇవాళ్టి రెప్పల వాపుకి దోషి కానక్కర్లేదు. ఆకారం, సమయం, పరీక్ష మూడూ ఒకే వైపు చూపిస్తేనే పేరు పెట్టాలి.

## ఆ తర్వాత

తలకి ఇంక ఏం వేసుకోవాలి? జుట్టు తెల్లగా వదిలేయాలా?

పీపీడీ పడనివాళ్లలో చాలామందికి దాని చుట్టాలు కూడా పడవు, అందుకే "పీపీడీ లేదు" అన్న డైలో టొలుయిన్ డయమైన్ ఉంటే మళ్లీ అదే కథ. ఒట్టి గోరింటాకు పొడి, దాని తర్వాత ఒట్టి నీలి ఆకు పొడి వేస్తే గోధుమ నలుపు రంగు వస్తుంది, రెండు పూటల పని, గంట సేపట్లో అయ్యేది కాదు. "బ్లాక్ హెన్నా", "కాలీ మెహందీ" అని అమ్మే పొడుల్లో పీపీడీ కలిపినవి ఉంటాయి, పొట్లం వెనక పదార్థాల జాబితా లేకపోతే కొనకండి.

డై కొద్దిగా రాసుకుని రెండు రోజులు చూడమని డబ్బా మీద రాసే 48 గంటల పరీక్ష ఇప్పటిదాకా ఏమీ రానివాళ్లకి. ఒకసారి కళ్లు వాచినవాళ్లు ఆ పరీక్ష కూడా చేసుకోకూడదు.

మంగళసూత్రం గొలుసు తీయడానికి ఇంట్లో ఒప్పుకోరు. ఏం చేయను?

బంగారు గొలుసు అయితే ముందు కొక్కేన్ని, అతుకుల్ని, మధ్యలో గుచ్చిన పూసల తీగని అనుమానించండి, తీగ మార్పిస్తే చాలామందికి సరిపోతుంది. వన్ గ్రామ్‌ది అయితే మానేదాకా పసుపుతాడు వేసుకోవచ్చు, మరీ ముదురు రంగు అద్దినది కాకుండా. పారదర్శక నెయిల్ పాలిష్ పూయడం చెమటకి కొన్ని రోజుల్లో ఊడిపోతుంది, ఒక ఫంక్షన్‌కి పనికొస్తుంది గానీ రోజూ వేసుకునే దానికి కాదు. కొన్ని స్కిన్ క్లినిక్‌లలో డైమిథైల్‌గ్లయాక్సిమ్ చుక్కలు ఉంటాయి, దూదికి అద్ది నగ మీద రుద్దితే దూది గులాబీ రంగుకి మారినప్పుడు నికెల్ ఊడుతున్నట్టు. కొత్తగా చెవి కుట్టించేటప్పుడు టైటానియం గానీ 22 క్యారెట్ బంగారం గానీ అడగండి, పాపకి మరీ ముఖ్యం, నికెల్ అలర్జీ చాలామందికి మొదలయ్యేది చెవికి పెట్టిన ఆ మొదటి పోగుతోనే.

ఇంకెవరికైనా చెప్పాలా?

పీపీడీ అలర్జీ ఉంటే పళ్ల డాక్టరుకీ మీ ఫ్యామిలీ డాక్టరుకీ చెప్పండి. పుండ్ల మీద, చిగుళ్ల మీద రాసే తిమ్మిరి మందు బెంజోకైన్ కొందరికి పడదు, ముదురు రంగు పాలిస్టర్ బట్టల అద్దకాలు కూడా. పార్లర్‌లో జుట్టుకి చేయి వేయకముందే చెప్పండి, "నేచురల్ కలర్ మేడమ్" అని సీసా చూపించకుండా కలుపుతుంటే లేచి రండి.